ఊపిరికి మూడు వారాలు, ఎముకకు మూడు నెలలు

కొత్తగా జాగింగ్ మొదలుపెట్టినవాళ్లను మొదటి వారంలో ఇబ్బంది పెట్టేది ఆయాసం. కానీ చాలామంది ఆగిపోయేది ఆయాసం వల్ల కాదు. రెండు వారాలు గడిచేసరికి ఊపిరి కుదురుకుంటుంది, గుండె దడ తగ్గుతుంది. ‘ఇంకాస్త పరిగెత్తగలను’ అనే ధైర్యం వస్తుంది. సరిగ్గా ఆ ధైర్యం వచ్చిన వారం పది రోజులకే, మోకాలికీ చీలమండకూ మధ్య ఎముక లోపలి అంచున సన్నటి నొప్పి మొదలవుతుంది. మొదట పరుగెత్తేటప్పుడే ఉంటుంది. తర్వాత మెట్లు దిగేటప్పుడూ తెలుస్తుంది. ఇంకో వారానికి బూట్లు మంచం కిందికి చేరతాయి.

రన్నర్లు దీన్ని షిన్ నొప్పి అంటారు. కానిస్టేబుల్ ఉద్యోగానికి ఈవెంట్స్ ప్రాక్టీసు చేసిన కుర్రాళ్లను అడిగితే ఇది ఏమిటో వివరంగా చెబుతారు. ప్రిలిమ్స్ రాసేదాకా పుస్తకాల ముందు కూర్చుని, ఫలితాలు రాగానే 1,600 మీటర్ల పరుగు కోసం తెల్లవారుజామున సిమెంటు రోడ్డు మీదికి ఒక్కసారిగా దిగుతారు. ఊపిరి కుదిరే సమయానికి కాలు మొరాయిస్తుంది. నలభై దాటాక, షుగరు అంచుల్లో ఉందని డాక్టరు హెచ్చరించాక జాగింగ్ మొదలుపెట్టే ఉద్యోగికీ, ఇంటిపని ముగించుకుని పార్కుకు వచ్చే గృహిణికీ అదే జరుగుతుంది, కాస్త నెమ్మదిగా.

కారణం ఎముకలోనే ఉంది. పరుగులో ప్రతి అడుగుకూ మన బరువుకు రెండింతలకు పైగా ఒత్తిడి నేల నుంచి కాలికి తగులుతుంది. నడకలో అది మన బరువుకు కాస్త మాత్రమే ఎక్కువ. కొత్త ఒత్తిడి తగిలినప్పుడు ఎముక తనను తాను గట్టిపరుచుకుంటుంది. కాకపోతే ఆ పని మన మున్సిపాలిటీ రోడ్డు మరమ్మతు లాగే సాగుతుంది: ముందు తవ్వుతారు, వేయడం తర్వాత. పాత ఎముక పదార్థాన్ని కరిగించే కణాలు ముందు వచ్చి కొన్ని వారాల పాటు పనిచేస్తాయి. కొత్త పదార్థాన్ని పేర్చే కణాలు వాటి వెనక వస్తాయి. మొత్తం పని ముగియడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. అంటే పరుగు మొదలుపెట్టిన మూడో నాలుగో వారంలో ఆ ఎముక, మొదలుపెట్టిన రోజు కంటే గట్టిగా ఉండదు. కొన్ని చోట్ల కాస్త బలహీనంగానే ఉంటుంది. ఊపిరి ‘పద’ అనేదీ, ఎముక ‘ఆగు’ అనేదీ ఒకే వారంలో. మనకు వినపడేది ఊపిరి మాటే.

కాబట్టి నడకనూ జాగింగ్‌నూ కలిపి చేసే ప్రణాళిక ఆయాసం తీర్చుకోవడానికే అనుకుంటే సగమే అర్థమైనట్టు. మధ్యలో వచ్చే నడక ఊపిరికి విరామం. అంతకన్నా ముఖ్యంగా, కాలికి తగిలే దెబ్బల లెక్కను అదుపులో ఉంచే సాధనం.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరిగెత్తిన అమెరికన్ జెఫ్ గాలోవే, 1974లో కొత్తవాళ్లకు ఒక తరగతి నడుపుతూ వాళ్ల చేత నడక, పరుగు కలిపి చేయించాడు. తర్వాత దాన్ని మారథాన్ దాకా తీసుకెళ్లాడు. ఇప్పుడు ఫోన్లలో కనిపించే తొమ్మిది వారాల ప్రణాళికలకు చాలావరకు మూలం జాష్ క్లార్క్ అనే మరో అమెరికన్ 1996లో రాసినది. ‘సోఫాలోంచి ఐదు కిలోమీటర్లకు’ అని దాని పేరు. పరుగంటే ఎరగని తన తల్లి లాంటివాళ్లను దృష్టిలో పెట్టుకుని రాశాడు. వారానికి మూడు రోజులు, రోజుకు అరగంట, మధ్యలో తప్పకుండా ఒక రోజు విరామం. చక్కటి ప్రణాళిక. అయితే అందులో ఒక ఎత్తైన మెట్టు ఉంది. అది ఎక్కడుందో చూద్దాం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విజయవాడలో బ్యాంకు ఉద్యోగి, వయసు నలభై రెండు, బరువు 82 కిలోలు. రోజూ నడిచే అలవాటు ఉంది, పరుగు మాత్రం కాలేజీతో సరి. మొదటి వారం ఆయన చేయాల్సింది ఇదీ: ఐదు నిమిషాలు చురుకైన నడక, తర్వాత ఒక నిమిషం జాగింగ్, ఒకటిన్నర నిమిషం నడక. ఈ జంటను ఎనిమిది సార్లు చేస్తే ఇరవై నిమిషాలవుతుంది. చివర్లో మళ్లీ ఐదు నిమిషాల నడక. ఇందులో నిజంగా జాగింగ్ చేసింది ఎనిమిది నిమిషాలే. మూడు రోజులకు ఇరవై నాలుగు.

రెండో వారం ఒకటిన్నర నిమిషం జాగింగ్, రెండు నిమిషాల నడక, ఆరు సార్లు. జాగింగ్ మొత్తం తొమ్మిది నిమిషాలు. మూడో వారం ఒకటిన్నర నిమిషం జాగింగ్, అంతే నడక, మూడు నిమిషాల జాగింగ్, మూడు నిమిషాల నడక. ఇదంతా రెండు సార్లు. కూడి చూడండి, మళ్లీ తొమ్మిది నిమిషాలే. ఒక్కో ముక్క పొడవు పెరిగింది కానీ మొత్తం పెరగలేదు. ఇక్కడిదాకా ఎముక మీద దయగానే ఉంది.

ఇక నాలుగో వారం. మూడు నిమిషాల జాగింగ్, ఒకటిన్నర నడక, ఐదు జాగింగ్, రెండున్నర నడక, మళ్లీ మూడు జాగింగ్, ఒకటిన్నర నడక, మళ్లీ ఐదు జాగింగ్. మొత్తం పదహారు నిమిషాలు! వారానికి ఇరవై ఏడు నిమిషాల నుంచి ఒక్కసారిగా నలభై ఎనిమిదికి. నిమిషానికి 160 అడుగుల చొప్పున లెక్కేస్తే, మూడో వారంలో ఒక్కో కాలికి సుమారు 2,160 దెబ్బలు తగిలాయి. నాలుగో వారంలో 3,840. అదీ ఎముకలో తవ్వకం నడుస్తున్న వారాల్లో. ఐదో వారం మూడో రోజైతే ఏకబిగిన ఇరవై నిమిషాలు పరిగెత్తమంటుంది.

ఇరవై ఏళ్లవాళ్లు, సన్నగా ఉన్నవాళ్లు, ఏదో ఒక ఆట ఆడుతున్నవాళ్లు ఈ మెట్టును గమనించకుండానే ఎక్కేస్తారు. మన బ్యాంకు ఉద్యోగిలాంటి వారికి ఇక్కడ మూడు వారాలు అదనంగా పెట్టడం మంచిదని నా అభిప్రాయం. మూడో వారం చేసిందే నాలుగో వారంలోనూ చేయండి, ఒక్క నిమిషం కూడా పెంచకుండా. ఊపిరి బాగుంది కదా, ఎందుకీ వెనకంజ అనిపిస్తుంది. అనిపించనివ్వండి. ఐదో వారం రెండు నిమిషాల జాగింగ్, రెండు నిమిషాల నడక ఆరు సార్లు చేస్తే జాగింగ్ పన్నెండు నిమిషాలవుతుంది. ఆరో వారం మూడు నిమిషాల జాగింగ్, రెండు నిమిషాల నడక ఐదు సార్లు చేస్తే పదిహేను. అప్పుడు ఏడో వారంలో ఆ పదహారు నిమిషాల దగ్గరకు వస్తే అది మెట్టులా ఉండదు. అక్కడి నుంచి క్లార్క్ దారిలోనే వెళ్లొచ్చు. ఎనిమిదో వారం మొదటి రోజు ఐదేసి నిమిషాలు మూడు సార్లు, రెండో రోజు ఎనిమిదేసి నిమిషాలు రెండు సార్లు, మూడో రోజు ఇరవై నిమిషాలు. తర్వాత ఇరవై ఐదు, ఇరవై ఎనిమిది, చివరి వారం ముప్ఫై. తొమ్మిది వారాలది పన్నెండు వారాలవుతుంది. ఎముకకు కావలసిందీ దాదాపు అంతే.

ఒక్క మాట నిజాయితీగా చెప్పాలి. వారాలు పెంచినంత మాత్రాన గాయాలు ఆగిపోతాయనుకోవద్దు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో ఐదు వందల మందికి పైగా కొత్త రన్నర్లను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఎనిమిది వారాల మామూలు ప్రణాళిక, రెండో జట్టుకు పదమూడు వారాల నెమ్మదైన ప్రణాళిక ఇచ్చి చూశారు. ఫలితాలు 2008లో వచ్చాయి. రెండు జట్లలోనూ దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి గాయమైంది. తేడా లేదు. వారానికి పది శాతం పెంచితే చాలు, ఏమీ కాదు అనే ప్రసిద్ధ సూత్రానికి అంత పట్టు లేదని దీంతో తేలింది. నేను దీన్ని ఇలా అర్థం చేసుకుంటాను: క్యాలెండరు ఏదైనా అది సగటు మనిషి కోసం రాసింది. అదనపు వారాలు చేసే మేలు ఒక్కటే, మీ కాలు ఏమంటోందో వినే తీరిక ఇస్తాయి. వినకపోతే పదమూడు వారాలూ ఎనిమిది వారాలూ ఒకటే.

ఎలా వినాలో చెప్పేముందు వేగం సంగతి. ఎందుకంటే మొదటి రోజు అందరూ తప్పేది ఇక్కడే.

‘ఒక్క నిమిషమేగా’ అని కొత్తవాళ్లు ఆ నిమిషాన్ని పందెంలా పరిగెత్తుతారు. మూడో విడతకే నడుం మీద చేతులేసుకుని నిలబడతారు. జాగింగ్ అంత వేగంగా ఉండనక్కర్లేదు. మనిషి గంటకు ఏడు కిలోమీటర్ల వేగానికి అటూ ఇటూగా చేరినప్పుడు శరీరం తనంతట తానే నడక మాని పరుగందుకుంటుంది. కొత్తవాళ్లకు ఆ వేగం చాలు. అంటే కిలోమీటరుకు ఎనిమిదిన్నర నిమిషాలు. ఫోను గడియారాలు ఒక్క నిమిషం ముక్కలో వేగాన్ని సరిగ్గా చూపించలేవు, అందుకని వాటిని నమ్ముకోవద్దు. మైదానంలో వంద మీటర్లు కొలిచి గుర్తు పెట్టుకోండి. ఆ వంద మీటర్లకు యాభై సెకన్లు పట్టాలి. నాలుగు వందల మీటర్ల ట్రాక్ ఉంటే ఒక చుట్టుకు మూడు నిమిషాల ఇరవై సెకన్ల పైమాటే. ఒక నిమిషంలో నూటయాభై మీటర్లు దాటేస్తున్నారంటే మీరు మరీ వేగంగా వెళుతున్నారు. పక్కన వేగంగా నడిచే పెద్దాయన మిమ్మల్ని దాటిపోవచ్చు. పోనివ్వండి.

కొలతలు లేనిచోట మాటే కొలత. జాగింగ్ చేస్తూ పక్కవాళ్లతో ఒక పూర్తి వాక్యం, మధ్యలో ఊపిరి కోసం ఆగకుండా చెప్పగలగాలి. ‘రేపు పొద్దున పిల్లాడి స్కూల్లో మీటింగు ఉంది, ఆఫీసుకు లేటుగా వెళతాను’ అనేంత వాక్యం. మూడు మాటలకే తెగిపోతుంటే తగ్గించాలి. ఒంటరిగా ఉంటే ఫోనులో మాట్లాడుతున్నట్టు నటించవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. ఉక్కపోత రోజుల్లో అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. విశాఖ, కాకినాడ లాంటి తీర పట్టణాల్లో ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున కూడా గాలిలో తేమ నిండి చెమట ఆరదు. అప్పుడు యాభై సెకన్ల లెక్క వదిలేసి మాట లెక్కే పాటించండి.

వేగం తగ్గించమంటే చాలామంది అడుగు వేసే జోరు తగ్గించి, అంగ మాత్రం పొడుగ్గా వేస్తారు. ఇది చేటు. పాదం శరీరానికి చాలా ముందు, మోకాలు చాచుకుని, మడమ మీద పడుతుంది. ఆ ప్రతి అడుగూ ఒక బ్రేకు. నెమ్మదిగా వెళ్లాలంటే అంగ పొట్టిగా ఉండాలి, అడుగులు చకచకా పడాలి. అరనిమిషం పాటు కుడికాలు ఎన్నిసార్లు నేలను తాకిందో లెక్కపెట్టండి. ముప్ఫై ఐదు వస్తే నిమిషానికి రెండు కాళ్లకూ కలిపి నూటనలభై. దాన్ని ఐదు శాతం పెంచి, అరనిమిషానికి ముప్ఫై ఏడు చేయండి. అలవాటయ్యాక ఇంకొంచెం. అడుగుల జోరు ఐదు నుంచి పది శాతం పెంచితే మోకాలి మీదా తుంటి మీదా భారం తగ్గుతుందని కొలిచి చూశారు. అందరూ నిమిషానికి 180 అడుగులు వేయాలని చెప్పేవాళ్లుంటారు. అది పోటీ రన్నర్లను చూసి పుట్టిన అంకె. కొత్తవాళ్లు దాని వెంట పడక్కర్లేదు. చెవులు కూడా పనికొస్తాయి. పాదం చప్పుడు దబదబా వినిపిస్తుంటే అంగ పొడుగైందని అర్థం.

ఇక బూట్లు. దుకాణంలోకి అడుగుపెట్టగానే ‘మీది చదును పాదం, మీకు ఈ ప్రత్యేక రకం కావాలి’ అంటారు. తడి పాదం ముద్ర చూసి చెప్పే ఈ జోస్యానికి బలం తక్కువ. అమెరికా సైన్యం, వైమానిక దళం, మెరైన్ విభాగాల్లో వేలాది మంది శిక్షణార్థుల మీద దీన్ని పరీక్షించారు. సగం మందికి పాదం వంపు చూసి బూట్లు ఎంచి ఇచ్చారు, మిగతా సగానికి అందరికీ ఒకే రకం ఇచ్చారు. గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి పాదం ఆకారం గురించి బెంగపడకుండా, మూడు సంగతులు చూసుకుంటే చాలు.

మొదటిది కొలత. సాయంత్రం వెళ్లండి, పగలంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది, పరుగులోనూ అలాగే ఉబ్బుతుంది. వేసుకునే సాక్సులతోనే వేసి చూడండి. నిలబడినప్పుడు పొడవైన వేలికీ బూటు కొసకూ మధ్య బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. ఆఫీసు బూట్ల కంటే ఒక సైజు పెద్దది పట్టడం మామూలే. వేళ్లు విప్పారేంత వెడల్పు ఉండాలి, మడమ మాత్రం లోపల జారకూడదు. సైజు సరిపోనివాళ్లకు గోళ్లు నల్లబడతాయి.

రెండోది సుఖం. దుకాణంలోనే రెండు జతలు వేసి, బయట వరండాలోనైనా నాలుగు అడుగులు జాగింగ్ చేసి చూడండి. ‘వాడగా వాడగా సర్దుకుంటుంది’ అంటే ఆ జత వద్దు. తోలు చెప్పులు సర్దుకుంటాయేమో కానీ రన్నింగ్ బూట్లు మొదటి నిమిషం నుంచే సుఖంగా ఉండాలి. ముందు భాగాన్ని చేత్తో వంచితే వేళ్లు మడిచే చోట వంగాలి, సరిగ్గా నడిమధ్యలో అట్టలా మడతపడితే నాసిరకం.

మూడోది మడమ ఎత్తు. మడమ కింద అట్ట, వేళ్ల కింద అట్ట కంటే ఎనిమిది, పది మిల్లీమీటర్లు ఎత్తుగా ఉండే మామూలు రన్నింగ్ బూట్లు కొత్తవాళ్లకు నప్పుతాయి. పూర్తి చదునుగా, పలచగా ఉండేవాటితో భారం పిక్కల మీదికీ మడమ వెనక నరం మీదికీ మారుతుంది. లోపల కార్బన్ రేకు ఉండే ఖరీదైన పందెం బూట్లు మీకు ఇప్పుడు దండగ. క్రికెట్, బ్యాడ్మింటన్ బూట్లు పక్కలకు కదిలే ఆటల కోసం చేసినవి, వాటితో నెట్టుకురావద్దు. పేరున్న కంపెనీ గుర్తు అచ్చుగుద్దినట్టు ఉండి పావు ధరకు దొరికే నకిలీ జతలకు పైకి అంతా బాగానే ఉంటుంది, అరికాలి కింది నురుగు మాత్రం కొన్నాళ్లకే నొక్కుకుపోతుంది. వాటికంటే మన ఊళ్లోనే దొరికే పేరు లేని చవక రన్నింగ్ బూట్లు నయం. మంచి జత 500 నుంచి 800 కిలోమీటర్లు వస్తుంది. ఈ పన్నెండు వారాల్లో మీరు నడకతో కలిపి దాని సగం కూడా వాడరు, అందుకని జాగింగ్ బూట్లను రోజూ బజారుకు వేసుకెళ్లకుండా ఉంటే చాలు.

బూట్ల మీద పెట్టే శ్రద్ధలో సగం నేల మీద పెడితే మంచిది. చదునైన మట్టిబాట దొరికితే వదలొద్దు, కానీ గుంతలున్న గడ్డి కంటే తారు రోడ్డే నయం. చీకట్లో చీలమండ మెలిపడితే షిన్ నొప్పి చిన్నదైపోతుంది. రోడ్డు అంచు పక్కకు వాలి ఉంటుంది కాబట్టి ఎప్పుడూ ఒకే వైపు పరిగెత్తితే ఒక కాలు మీదే భారం పడుతుంది. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒకే అంచున ఉంటే అది సరిపోతుంది. విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్నే వాహనాలు ఆపే వేళల్లో నడిమధ్యలో పరిగెత్తే భాగ్యం అందరికీ ఉండదు. ఇసుకలో జాగింగ్ మెత్తగా ఉంటుందని దిగేవాళ్లున్నారు. పొడి ఇసుకలో పిక్కలు ఎక్కువ పనిచేస్తాయి, కొత్తవాళ్లకు అది శిక్షే. వీధికుక్క వెంటపడితే మాత్రం ఏ వారంలో ఉన్నా నడకలోకి మారిపోవాలి!

మళ్లీ మన బ్యాంకు ఉద్యోగి దగ్గరకు వద్దాం. ఆయన అదనపు వారాలు పెట్టకుండా నేరుగా పదహారు నిమిషాలకు దూకాడనుకుందాం. ఆ వారం రెండో రోజు, కుడి కాలి ఎముక లోపలి అంచున, చీలమండకు జానెడు పైన నొప్పి మొదలైంది. ఐదు నిమిషాలు పరిగెత్తాక తగ్గింది. ‘వేడెక్కితే పోయింది’ అని సంతోషించాడు. మర్నాడు పొద్దున మంచం దిగగానే అదే చోట సలుపు.

ఇక్కడ చేయాల్సిన పరీక్ష చాలా తేలిక. కూర్చుని బొటనవేలితో ఆ ఎముక లోపలి అంచును చీలమండ నుంచి పైకి, అంగుళం అంగుళం నొక్కుకుంటూ రావాలి. నాలుగు వేళ్లు ఆనేంత పొడవునా, అంటే ఐదు సెంటీమీటర్లకు పైగా నొప్పి పరుచుకుని ఉంటే అది మామూలు షిన్ నొప్పి. అలా కాకుండా ఒక్క వేలి కొన పట్టేంత చోటే చురుక్కుమంటే, రాత్రి పడుకున్నా సలుపు వస్తుంటే, ఆ కాలి మీద ఒంటికాలితో గెంతలేకపోతే ఎముకలో సన్నటి పగులు ఉండవచ్చు. అప్పుడు పరుగు పూర్తిగా ఆపి ఎముకల డాక్టరు దగ్గరకు వెళ్లాలి. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నంత మాత్రాన సరిపోదు. ఇలాంటి పగుళ్లు మొదటి వారాల్లో ఎక్స్‌రేకు దొరకవు, ఎంఆర్ఐ అవసరం కావచ్చు. నెలసరి తప్పుతున్న ఆడవాళ్లు, బరువు తగ్గడానికి తిండి బాగా తగ్గించినవాళ్లు, విటమిన్ డి తక్కువగా ఉన్నవాళ్లు ఈ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఎముక పేర్చుకోవడానికి సరుకు ఒంట్లో ఉండాలి కదా.

మన ఉద్యోగికి నొప్పి పొడవునా పరుచుకుని ఉంది, రాత్రి లేదు. ఆయన ఆ వారం మిగిలిన జాగింగ్ మానేసి నడక మాత్రం చేస్తాడు. నడకలోనూ నొప్పి ఉంటే సైకిలు. నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తడం ఒక్కటి మాత్రం చేయడు, ఎందుకంటే అది వినాల్సిన మాటను నొక్కేస్తుంది. ఐసు పెడితే ఉపశమనం ఉంటుంది, ఎముక మీద దాని ప్రభావం ఏమీ ఉండదు. అరగంట చురుగ్గా నడిచినా నొప్పి రాకుండా, వేలితో నొక్కినా నొప్పి లేకుండా ఉన్న రోజు వచ్చాకే మళ్లీ జాగింగ్. దానికి రెండు వారాలు పట్టవచ్చు, ఆరూ పట్టవచ్చు. మొదలుపెట్టేది కూడా ఆపిన చోట కాదు, రెండు వారాల వెనక, ఆ ఒకటిన్నర నిమిషాల దగ్గర.

అప్పటి నుంచి రోజూ ఒక నియమం. నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులేసుకుంటే, జాగింగ్‌లో రెండు దాటకూడదు, మర్నాడు పొద్దున్నకు సున్నా కావాలి. అయితే అదే వారం కొనసాగించవచ్చు. పొద్దున్నకు మిగిలితే ముందు వారానికి తిరిగి వెళ్లాలి. నిమిషాలు పెంచేది మాత్రం వారంలో మూడు రోజులూ సున్నా ఉన్నప్పుడే. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి: నిమిషాలు పెంచిన వారం వేగం పెంచకూడదు, కొత్త బూట్లు వేసిన వారం ఏదీ పెంచకూడదు.

వీటికి తోడు పిక్కల పని. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి మడమలు పైకి లేపి, నెమ్మదిగా దించడం. పదిహేను సార్ల చొప్పున మూడు విడతలు, వారానికి రెండు రోజులు. ఒకసారి మోకాలు నిటారుగా, ఒకసారి కాస్త వంచి. వంచినప్పుడు లోపలి పిక్క కండరం పనిచేస్తుంది, పరుగులో ఆ ఎముకకు ఎక్కువ అండ దానిదే. ఇది షిన్ నొప్పిని తప్పక ఆపుతుందని చెప్పలేం కానీ, నలభై దాటినవారి పిక్కలు సాధారణంగా బలహీనంగా ఉంటాయి, అలసిన పిక్క తన వంతు భారాన్ని ఎముక మీదికి నెడుతుంది. పరుగుకు ముందు గోడ పట్టుకుని కాలు సాగదీసి నిలబడే అలవాటుకు మాత్రం ఇక్కడ పెద్దగా ప్రయోజనం లేదు. ఆ ఐదు నిమిషాలు చురుగ్గా నడవడమే మేలు.

గుండె జబ్బు ఉన్నవాళ్లు, నడిస్తే ఛాతీలో బరువనిపించేవాళ్లు, అదుపులో లేని బీపీ, షుగరు ఉన్నవాళ్లు మొదటి రోజుకు ముందే డాక్టరును కలవాలి. షుగరు వల్ల పాదాల్లో తిమ్మిరి ఉంటే ఈ నొప్పి మార్కుల లెక్క పనిచేయదు. వాళ్లు ఇంటికి రాగానే సాక్సులు తీసి పాదాలను కళ్లతో చూసుకోవాలి.

పన్నెండో వారం చివర ముప్ఫై నిమిషాలు ఆగకుండా జాగింగ్ చేసినప్పుడు, కిలోమీటరుకు ఎనిమిదిన్నర నిమిషాల లెక్కన మీరు వెళ్లే దూరం మూడున్నర కిలోమీటర్లు. ఐదు కాదు. ప్రణాళిక పేరులో ఐదు ఉంది కదాని ఆ రోజు మిగతా ఒకటిన్నర కోసం వేగం పెంచొద్దు. అదే వేగంతో, వారానికి రెండు మూడు నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోతే ఇంకో ఐదారు వారాల్లో ఐదు కిలోమీటర్లు వచ్చేస్తాయి. మీ ఊళ్లో జరిగే ఐదు కిలోమీటర్ల పరుగుకు పేరు ఇవ్వాలనుకుంటే, ఈరోజు నుంచి కనీసం నాలుగున్నర నెలల తర్వాతి దాన్ని ఎంచుకోండి.